ఒక ‘ష్’, రెండు అరబిక్‌లు: కైరో మాట, కువైట్ మాట

అరబిక్‌లో ‘షయ్’ అంటే వస్తువు. వాడుకలో అరిగి అరిగి ఈ మాట ‘ష్’ అనే ఒక్క ధ్వనిగా మిగిలింది. అదే ‘ష్’ ఈజిప్టులో క్రియ చివర చేరి ‘లేదు’ అనే అర్థాన్ని ఇస్తుంది. గల్ఫ్‌లో మాట మొదట చేరి ‘ఏమిటి’ అని అడుగుతుంది. ఈజిప్టు, గల్ఫ్ వాడుక భాషల మధ్య రోజూ వినిపించే తేడాలను అర్థం చేసుకోవడానికి ఈ చిన్న ధ్వని మంచి ఆనవాలు. ఇక్కడి ఈజిప్టు ఉదాహరణలు కైరో వాడుకవి, గల్ఫ్ ఉదాహరణలు ప్రధానంగా కువైట్‌వి.

కైరోలో క్రియను కాదనాలంటే దానికి ముందు ‘మ’, వెనుక ‘ష్’ చేరుస్తారు. ‘ఫిహిమ్త్’ అంటే అర్థమైంది. ‘మఫ్హిమ్‌తిష్’ అంటే అర్థం కాలేదు. ‘ఉంది’ అనే అర్థమిచ్చే ‘ఫీ’ కూడా ఇలాగే ‘మఫీష్’ అవుతుంది, అంటే లేదు. కువైట్‌లో వెనుక ఏమీ చేరదు, ముందు ‘మా’ ఒక్కటే చాలు. ‘మా ఫహమ్త్’ అంటే అర్థం కాలేదు, ‘మా ఫీ’ అంటే లేదు. ఈ రెండో మాటకు కువైట్‌లో ‘మాకు’ అనే రూపం కూడా బాగా వాడుకలో ఉంది.

తెలుగులో ‘లేదు’ వేరు, ‘కాదు’ వేరు. పైన చెప్పినవి చాలావరకు ‘లేదు’ వంటివి. ‘కాదు’ వంటి పనికి కైరోలో ‘మిష్’, కువైట్‌లో ‘మూ’ అనే విడి మాటలు ఉన్నాయి. ఎమిరేట్స్, ఖతార్‌లలో ‘ముబ్’ వినిపిస్తుంది. ‘నేను అలసిపోలేదు’ అనడానికి కైరోవాళ్లు ‘అనా మిష్ తఅబాన్’ అంటారు, కువైట్‌వాళ్లు ‘అనా మూ తఅబాన్’ అంటారు. ‘తఅబాన్’ క్రియ కాదు, మనిషి స్థితిని చెప్పే విశేషణం. అందుకే దాని ముందు ఈ మాటలు వస్తాయి. వద్దని వారించేటప్పుడు కైరోలో మళ్లీ ‘మ–ష్’ జంటే వస్తుంది: ‘మత్రుహ్ష్’, వెళ్లకు. కువైట్‌లో ‘మా’కు బదులు ‘లా’ వాడతారు: ‘లా త్రూహ్’.

‘కావాలి’ అనడానికి రెండు చోట్లా వేర్వేరు మాటలే ఉన్నాయి. కైరోలో ‘ఆవిజ్’ లేదా ‘ఆయిజ్’ అంటారు. దీని ధాతువుకు అవసరం అని అర్థం. రూపంలో ఇది విశేషణం లాంటిది. నేను, నువ్వు, అతను అనే తేడాతో మారదు. మగవారికి ‘ఆవిజ్’, ఆడవారికి ‘అవ్జా’, పలువురికి ‘అవ్జీన్’. అందువల్ల ఎవరికి కావాలో సందర్భం చెప్పనప్పుడు ‘అనా’, ‘ఇంతా’ వంటి సర్వనామాలు అవసరమవుతాయి. కువైట్‌లో వాడే ‘అబీ’ అసలైన క్రియ. వెతుకు, కోరు అనే పాత క్రియ ‘బగా’ నుంచి వచ్చింది. నాకు కావాలంటే ‘అబీ’, నీకు ‘తబీ’, అడిగేది స్త్రీనైతే ‘తబీన్’, అతనికి ‘యబీ’, మాకు ‘నబీ’. ఎవరికి కావాలో క్రియే చెబుతుంది కాబట్టి సర్వనామం వదిలేసినా ఇబ్బంది ఉండదు.

ఈ తేడా వల్ల ‘నాకు వద్దు’ అనే మాట కూడా మారుతుంది. విశేషణం వంటి ‘ఆవిజ్’కు ముందు ‘మిష్’ వస్తుంది: ‘మిష్ ఆవిజ్’. క్రియ అయిన ‘అబీ’కి ముందు ‘మా’ వస్తుంది: ‘మా అబీ’. కొత్తగా నేర్చుకునేవారు ‘మూ అబీ’ అంటే తప్పవుతుంది.

ప్రశ్న మాటల్లో కొన్ని దగ్గరగా ఉంటాయి. ‘ఎక్కడ’కు కైరోలో ‘ఫేన్’, కువైట్‌లో ‘వేన్’. ‘ఎవరు’కు ‘మీన్’, ‘మిను’. ‘ఎప్పుడు’కు ‘ఇమ్తా’, ‘మితా’. ‘ఎందుకు’కు ‘లేహ్’, ‘లేష్’. ‘ఎలా’ మాత్రం పూర్తిగా వేరు. ‘ఎలా ఉన్నావు’ అని కైరోలో ‘ఇజ్జయ్యక్’ అంటారు, కువైట్‌లో ‘ష్లోనక్’ అంటారు. రెండో దానికి మాటకు మాటగా ‘నీ రంగేమిటి’ అని అర్థం. ‘ఏమిటి’కి కైరోలో ‘ఏహ్’, కువైట్‌లో ‘షిను’ వాడతారు. ‘షిను’ చాలాసార్లు కుదించుకుపోయి, తర్వాతి మాటకు అంటుకున్న ‘ష్’గా వినిపిస్తుంది.

ఈ మాటల స్థానం కూడా ముఖ్యం. కైరోలో ప్రశ్న మాట సాధారణంగా చివర వస్తుంది. ‘ఇస్మక్ ఏహ్?’ వరుస అచ్చం ‘నీ పేరేంటి?’ వరుసే. కువైట్‌లో అది మొదటికి వస్తుంది: ‘షిస్మక్?’

ఒక దుకాణంలో జరిగే మాటల్లో ఇవన్నీ కలిసి కనిపిస్తాయి. కైరో దుకాణదారు ‘ఆవిజ్ ఏహ్?’ అని అడుగుతాడు. కొనేవాడు ‘మిష్ ఆవిజ్ షాయ్, ఆవిజ్ మయ్యా’ అంటాడు, అంటే టీ వద్దు, నీళ్లు కావాలని. కువైట్‌లో అదే ప్రశ్న ‘ష్తబీ?’ అవుతుంది, జవాబు ‘మా అబీ చాయ్, అబీ మాయ్’ అవుతుంది. వచ్చింది స్త్రీ అయితే ప్రశ్నలు ‘అవ్జా ఏహ్?’, ‘ష్తబీన్?’ అని మారతాయి.

కడప, కోనసీమల నుంచి కువైట్ వెళ్లిన తెలుగువారికి ఈ రెండు వాడుకలూ చెవిన పడతాయి, ఎందుకంటే అక్కడ ఈజిప్టువారు కూడా పెద్ద సంఖ్యలో పనిచేస్తున్నారు. వలస కార్మికుల మధ్య పుట్టిన మిశ్రమ అరబిక్‌లో ‘మాఫీ’ అనే ఒక్క మాటే లేదు, కాదు, వద్దు అన్నిటికీ సరిపోతుంది. దానితో పని జరుగుతుంది గానీ, ఎదుటివారి మాట సరిగా పట్టుకోవాలంటే ‘ష్’ ఎక్కడుందో వినాలి. ముందు ‘మ’ ఉండి క్రియ చివర ‘ష్’ వినిపిస్తే అది ఈజిప్టువారి ‘లేదు’. మాట మొదట్లో వినిపిస్తే గల్ఫ్‌వారి ‘ఏమిటి’.