అరవై నాలుగు కాదు, పద్నాలుగు

ఆరు పూసలు, రెండే రంగులు: ఎర్ర పగడం, తెల్ల ముత్యం. ఒక్కో చోట ఏది కావాలంటే అది గుచ్చుకోవచ్చు. ఆరూ పగడాలే అయినా సరే, ఆరూ ముత్యాలే అయినా సరే. గుచ్చడం అయ్యాక దారం కొసలు రెండూ ముడి కనబడకుండా కలిపేస్తే ఎన్ని రకాల దండలు వస్తాయి?

ఎవరిని అడిగినా ఠక్కున 64 అంటారు. ఒక్కో చోట రెండు అవకాశాలు, అలాంటి చోట్లు ఆరు, కాబట్టి రెండుని ఆరుసార్లు హెచ్చవేస్తే 64. దారం కొసలు విడిగా ఉన్నంతవరకు ఇది సరైన లెక్కే. కొసలు కలిసిన మరుక్షణం చెడుతుంది. ముడి కనబడనప్పుడు మొదటి పూస ఏది, చివరి పూస ఏది? ఒక్క పగడం, ఐదు ముత్యాలు ఉన్న దండనే తీసుకోండి. దారం మీద పగడాన్ని మొదట గుచ్చవచ్చు, రెండోదిగా గుచ్చవచ్చు, ఆరోదిగానూ గుచ్చవచ్చు. దారం మీద అవి ఆరు వేర్వేరు వరుసలు. మెడలో వేసుకుంటే ఆరూ ఒకే దండ. కాస్త తిప్పుకుంటే ఒకటి ఇంకొకటి అవుతుంది.

అయితే 64ని ఆరుతో భాగిస్తే పోలేదా అని తోస్తుంది. భాగించి చూడండి: పదిన్నర దాటి పదకొండుకి చేరకుండా ఆగిపోతుంది. పదిన్నర దండలు ఎవరూ గుచ్చలేరు. జవాబు పూర్ణసంఖ్య కాకపోతే లెక్కలో ఏదో తప్పు జరిగిందని అర్థం. ఇక్కడ జరిగిన తప్పు ఏమిటంటే, ప్రతి దండా ఆరు వరుసలుగా కనిపిస్తుందని అనుకోవడం. అన్నీ పగడాలే ఉన్న దండను ఎంత తిప్పినా ఒకటే వరుస. పగడం, ముత్యం ఒకటి విడిచి ఒకటిగా ఉన్న దండకు రెండే వరుసలు: పగడంతో మొదలయ్యేది ఒకటి, ముత్యంతో మొదలయ్యేది ఒకటి. రెండు పగడాలు ఎదురెదురుగా ఉండి, మిగతావి ముత్యాలైతే మూడు వరుసలు. ఇలా తనలో తానే పునరావృతమయ్యే దండలు అన్నిటినీ ఆరుతో భాగించే పద్ధతికి లొంగవు.

తిప్పితే ఒకదాని నుంచి ఒకటి వచ్చే వరుసల గుంపుని గణితంలో కక్ష్య అంటారు. మనకు కావలసింది కక్ష్యల సంఖ్య. ఒక్కో కక్ష్యను విడిగా వెతికి పట్టుకోవడం ఆరు పూసలకైతే ఒక సాయంత్రం పని. పన్నెండు పూసలు, మూడు రంగులు అయితే ఐదు లక్షలకు పైగా వరుసలు వస్తాయి. కాగితం, పెన్సిల్ పెట్టుకుని కూర్చుంటే తెమిలేది కాదు. అందుకే ప్రశ్నను తిరగేస్తారు. ఏ వరుసలు ఒకటేనో వెతకడం మానేసి, ఒక్కో తిప్పుడికి ఎన్ని వరుసలు చెక్కుచెదరకుండా ఉంటాయో లెక్కపెడతారు. ఇది చాలా తేలిక.

ఆరు పూసల దండను ఆరు విధాలుగా తిప్పవచ్చు: అసలు తిప్పకపోవడం, ఒక స్థానం జరపడం, రెండు, మూడు, నాలుగు, ఐదు స్థానాలు జరపడం. తిప్పకపోవడాన్ని కూడా ఒక తిప్పుడిగా లెక్కలో వేసుకోవాలి. కొత్తగా చేసేవాళ్లు ఎక్కువగా మరిచిపోయేది దీన్నే.

తిప్పకపోతే 64 వరుసలూ ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి. ఒక స్థానం జరిపినప్పుడు వరుస మారకూడదంటే మొదటి పూస రంగే రెండో దానికి, రెండో దాని రంగే మూడో దానికి ఉండాలి. అలా అన్నీ ఒకే రంగు కావాల్సిందే. కాబట్టి మారనివి 2. రెండు స్థానాలు జరిపితే 1వ చోటి పూస 3కి, 3వ చోటిది 5కి, 5వ చోటిది మళ్లీ 1కి వస్తాయి. ఈ మూడింటికీ ఒకటే రంగుండాలి. 2, 4, 6 చోట్లది ఇంకో చక్రం. రెండు చక్రాలు, ఒక్కోదానికి రెండు రంగుల అవకాశం, కాబట్టి 4. మూడు స్థానాలు జరిపితే ఎదురెదురు పూసలు జతలవుతాయి. మూడు జతలు, కాబట్టి 8. నాలుగు స్థానాలు జరపడమంటే వెనక్కి రెండు జరపడమే, మళ్లీ 4. ఐదు జరపడమంటే వెనక్కి ఒకటి, మళ్లీ 2.

కూడితే 64, 2, 4, 8, 4, 2 కలిపి 84. ఆరుతో భాగిస్తే 14. జవాబు ఇదే.

చక్రాల సంఖ్యకు బడిలో నేర్చుకున్న దారే ఉంది. మొత్తం పూసల సంఖ్యకు, జరిపిన స్థానాల సంఖ్యకు గ.సా.భా ఎంతో అన్ని చక్రాలు. ఆరుకీ నాలుగుకీ గ.సా.భా రెండు, అందుకే అక్కడ రెండు చక్రాలు వచ్చాయి.

ఇంతకీ ఇది ఎందుకు పనిచేస్తుంది? మారని వరుసలను కూడి భాగిస్తే దండల సంఖ్య రావడం మొదటిసారి చూసేవారికి కనికట్టులా అనిపిస్తుంది. బడిలో హాజరు పట్టీ లాంటిది ఒకటి ఊహించుకోండి. ఎడమ పక్కన 64 వరుసలూ పేర్ల మాదిరి ఒకదాని కింద ఒకటి ఉంటాయి. పైన తేదీల చోట ఆరు తిప్పుళ్లు ఉంటాయి. ఒక తిప్పుడికి ఒక వరుస మారకపోతే ఆ గడిలో టిక్కు పెట్టాలి. మనం ఇందాక చేసిందల్లా నిలువుగా టిక్కులు లెక్కపెట్టడం. మొత్తం 84 వచ్చాయి.

ఇప్పుడు అదే పట్టీని అడ్డంగా లెక్కపెడదాం. ఒక పగడం, ఐదు ముత్యాలున్న దండ ఆరు పేర్లు ఆక్రమిస్తుంది. వాటిలో ఏదీ తిప్పకపోతే తప్ప మారకుండా ఉండదు, కాబట్టి పేరుకొక టిక్కు, మొత్తం ఆరు. ఒకటి విడిచి ఒకటిగా గుచ్చిన దండకు రెండే పేర్లు. కానీ ఒక్కో పేరుకు మూడు టిక్కులు: తిప్పకపోతే ఒకటి, రెండు స్థానాలకు ఒకటి, నాలుగు స్థానాలకు ఒకటి. మళ్లీ ఆరే. అన్నీ పగడాలే అయితే ఒకటే పేరు, దానికి ఆరు గడుల్లోనూ టిక్కులు. పేర్లు తగ్గినంత మేర ఒక్కో పేరుకు టిక్కులు పెరుగుతాయి. ఏ దండకైనా చివరికి పడేవి సరిగ్గా ఆరు టిక్కులు. ఒక్కో దండకు ఆరు చొప్పున 84 టిక్కులు వచ్చాయంటే దండలు పద్నాలుగే. లెక్క సరిచూడాలంటే ఇంకో దారీ ఉంది: ఆరు పేర్ల దండలు తొమ్మిది, మూడు పేర్లవి రెండు, రెండు పేర్లది ఒకటి, ఒకే పేరువి రెండు. దండలు 14, పేర్లు 64. రెండూ సరిపోయాయి.

ఒక్క మాటలో, దండల సంఖ్య అంటే ఒక తిప్పుడికి సగటున మారకుండా ఉండే వరుసల సంఖ్య.

ఈ సూత్రం చాలాకాలం బర్న్‌సైడ్ పేరుతో చెలామణి అయింది. గ్రీనిచ్‌లోని రాయల్ నేవల్ కాలేజీలో గణితం బోధించిన విలియం బర్న్‌సైడ్ 1897లో సమూహ సిద్ధాంతం మీద రాసిన పుస్తకంలో ఇది ఉంది. కనిపెట్టింది మాత్రం ఆయన కాదు. జర్మన్ గణితజ్ఞుడు ఫ్రొబీనియస్ 1887లోనే దీన్ని నిరూపించాడు, ఫ్రాన్స్‌కు చెందిన కోషీ 1845 నాటికే ఇందులో ఒక భాగం పట్టుకున్నాడు. 1979లో పీటర్ న్యూమన్ ఈ చరిత్రంతా తవ్వి, ఇది బర్న్‌సైడ్‌ది కాదని శీర్షికలోనే చెబుతూ ఒక వ్యాసం రాశాడు. అప్పటి నుంచి కొందరు దీన్ని సరదాగా ‘బర్న్‌సైడ్‌ది కాని సూత్రం’ అంటున్నారు. నాకు కక్ష్యల లెక్క అన్న పేరే నచ్చుతుంది. చేసే పనేదో పేరులోనే ఉంది, ఎవరితోనూ తగాదా లేదు.

దుకాణంలో పూసలు మనం కోరినన్ని దొరకకపోవచ్చు. మూడు పగడాలు, మూడు ముత్యాలే ఉన్నాయనుకోండి. పద్ధతి అదే, లెక్కపెట్టే వరుసలే మారతాయి. మూడేసి ఉన్న వరుసలు మొత్తం 20, తిప్పకపోతే అన్నీ నిలుస్తాయి. ఒక స్థానం జరిపితే ఒక్కటీ నిలవదు, ఎందుకంటే అన్నీ ఒకే రంగు కావాలి. రెండు స్థానాలకు ఒకటి విడిచి ఒకటిగా ఉన్న 2 నిలుస్తాయి. మూడు స్థానాలకు పూసలు జతలుగా ఒకే రంగులో ఉండాలి. జతలతో మూడు పగడాలు ఎలా సర్దుతాం? అందుకే సున్నా. నాలుగు స్థానాలకు 2, ఐదుకు సున్నా. మొత్తం 24, ఆరుతో భాగిస్తే 4. ఆ నాలుగు దండలు ఇవి: మూడు పగడాలూ పక్కపక్కనే ఉన్నది, ఒకటి విడిచి ఒకటిగా ఉన్నది, మిగతా రెండింట్లోనూ రెండు పగడాలు కలిసి ఉండి మూడోది విడిగా ఉంటుంది. ఈ చివరి రెండింటికీ తేడా ఏమిటంటే, విడి పగడం ఒకదాంట్లో జంటకు కుడివైపు ఒక ముత్యం అవతల ఉంటే, రెండోదాంట్లో ఎడమవైపు ఒక ముత్యం అవతల ఉంటుంది. ఒకటి ఇంకొకదాని అద్దంలోని ప్రతిబింబం.

ఇక్కడే జాగ్రత్త పడాలి. కుందన్ రాళ్ల హారానికి ముందు వేరు, వెనుక వేరు, తిరగేసి వేసుకోలేం. కాబట్టి ఆ రెండూ వేర్వేరు హారాలే. గుండ్రటి పూసల దండనైతే తిరగేయవచ్చు, అప్పుడు రెండూ ఒకటైపోతాయి. తిరగేయడానికి అనుమతి ఉంటే ఆరు తిప్పుళ్లకు ఆరు తిరగేతలు కలుస్తాయి. ఎదురెదురు పూసల గుండా పోయే గీత మీద తిరగేసేవి మూడు, ఒక్కోదానికి 16 వరుసలు మారవు. పూసల మధ్య సందుల గుండా పోయే గీత మీద తిరగేసేవి మూడు, ఒక్కోదానికి 8. పాత 84కి ఈ 72 కలిపితే 156, పన్నెండుతో భాగిస్తే 13. ఒకటే తగ్గింది, అది మనం చూసిన జంటే. ఏ కదలికలకు అనుమతి ఉందో ముందే తేల్చుకోకుండా సూత్రంలోకి దిగితే జవాబు పూర్ణసంఖ్యగానే వచ్చి కూడా తప్పు కావచ్చు.

ఈ 13 రసాయన శాస్త్రంలోనూ కనిపిస్తుంది. బెంజీన్ అణువులో ఆరు కార్బన్లు వలయంగా ఉంటాయి, ఒక్కోదానికి ఒక హైడ్రోజన్ అంటుకుని ఉంటుంది. ఆ హైడ్రోజన్ చోట క్లోరిన్ పెట్టవచ్చు. బల్లపరుపు వలయం కాబట్టి తిరగేసినా అదే అణువు. బెంజీన్‌తో మొదలుపెట్టి ఆరూ క్లోరిన్లయ్యేదాకా లెక్కిస్తే వచ్చే పదార్థాలు సరిగ్గా 13. రెండు క్లోరిన్లున్నవి మూడు రకాలు, మూడున్నవి మూడు, నాలుగున్నవి మూడు. ఇలాంటి లెక్కలను విస్తృతంగా చేసే పద్ధతిని జార్జ్ పోయా 1937లో వెలువడిన సుదీర్ఘ వ్యాసంలో ఇచ్చాడు. దానికి పునాది ఈ కక్ష్యల లెక్కే. పదేళ్ల ముందే 1927లో జె. హోవర్డ్ రెడ్‌ఫీల్డ్ ఇదే దారి తొక్కాడు గానీ చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు.

పన్నెండు పూసలు, మూడు రంగులు అన్నాం కదా. వరుసలు 5,31,441. మారనివన్నీ కూడితే 5,32,416. పన్నెండుతో భాగిస్తే 44,368 దండలు. అయిదారు కూడికలతో తేలిపోయింది.

చేయి తిరగాలంటే నాలుగు పూసలు, మూడు రంగులతో మీరే ఒకసారి చేసి చూడండి, తిరగేయడం లేకుండా. నాలుగు తిప్పుళ్లే, జవాబు 24 రావాలి. భిన్నం వస్తే తిప్పకపోవడాన్ని లెక్కలో వేసుకున్నారో లేదో ముందు చూసుకోండి.