తప్పు చేసిన మర్నాడు ఏమవుతుంది?

కొత్తగా చేరినవాళ్లను కూర్చోబెట్టి కంపెనీ పెట్టినాయన మాట్లాడేటప్పుడు ఒక మాట తప్పకుండా వస్తుంది: 'ఇక్కడ నేర్చుకోవడం ముఖ్యం, తప్పులకు భయపడకండి.' వినడానికి ధైర్యంగానే ఉంటుంది. కానీ నిజంగా తప్పు జరిగిన మర్నాడు ఎవరికి చెప్పాలో, చెబితే ఏం చేస్తారో తెలియకపోతే ఆ ధైర్యం వారం కూడా నిలవదు.

అమెరికాలో బ్రిడ్జ్‌వాటర్ అనే పెట్టుబడుల సంస్థను 1975లో స్థాపించిన రే డాలియో దీనికి సూటిగా జవాబిచ్చారు. ఆయన సంస్థలో లావాదేవీలు చూసే ఉద్యోగి ఒకరు ఖాతాదారు సొమ్మును పెట్టుబడిలో పెట్టడం మరిచిపోయాడు. సొమ్ము ఊరికే పడి ఉంది. విషయం బయటపడేసరికి నష్టం లక్షల డాలర్లకు చేరింది. అతన్ని తీసేయాలన్న ఆలోచన డాలియోకు రాకపోలేదు. అయితే తీసేస్తే మిగతావాళ్లు నేర్చుకునేది జాగ్రత్త కాదు, తప్పును దాచడం. అందుకే ఉద్యోగిని ఉంచి, ఒక చిట్టా పెట్టించారు. ఏ పని చెడినా, ఎంత చెడిందో, బాధ్యులెవరో అందులో రాయాలి. రాస్తే ఇబ్బంది లేదు. రాయకుండా దాచితేనే అసలు చిక్కు.

ఎదుగుదల అంటే ఏమిటో కూడా ఈ చిట్టాలోనే కనిపిస్తుంది. ఒకే మనిషి పేరు మీద ఒకే రకం పొరపాటు మళ్లీ మళ్లీ వస్తుంటే, అది ఆ ఒక్కరోజు ఏమరుపాటు కాదు. అతనికి తర్ఫీదు చాలలేదు, లేదా ఆ పని అతనికి సరిపడదు, లేదా పనిని సరిచూసే రెండో మనిషి లేడు. ఏదో తేలితేనే దిద్దుకోవడం మొదలవుతుంది.

ఈ మాట చెప్పే అర్హత డాలియోకు ఉంది. 1982లో ఆర్థిక మాంద్యం ఖాయమని ఆయన బహిరంగంగా చెప్పారు. మార్కెట్ పైకి లేచింది. ఉద్యోగులందరినీ పంపేసి, ఇల్లు గడవడానికి తండ్రి దగ్గర 4,000 డాలర్లు అప్పు తీసుకున్నారు. దాచలేదు, పుస్తకంలో రాసుకున్నారు.

అయినా ఈ పద్ధతికి హద్దుంది. అక్కడి పద్ధతులకు అలవాటుపడటానికి ఏడాదిన్నర పడుతుందని డాలియోనే చెప్పేవారు. తట్టుకోలేక మధ్యలో వెళ్లిపోయినవాళ్లూ ఉన్నారు. రాబ్ కోప్‌లాండ్ 2023లో రాసిన పుస్తకం ఆ సంస్థలో నిర్మొహమాటం పేరుతో భయం పెరిగిందని విమర్శించింది. నా దృష్టిలో తేడా ఒక్కచోట తెలుస్తుంది: చిట్టాలో పైవాళ్ల పేర్లు కూడా ఉన్నాయా? కింది ఉద్యోగుల పేర్లే కనబడితే అది నేరాల పట్టిక.

మీరు కొత్తగా ఎక్కడైనా చేరుతుంటే, స్వాగతోపన్యాసం అయ్యాక ఒక్క ప్రశ్న అడగండి: 'ఈ మధ్య ఇక్కడ జరిగిన పెద్ద పొరపాటు ఏమిటి, దాని తర్వాత పనిలో ఏం మార్చారు?'