ఏఏ సెల్‌ల అతిశయ సామర్థ్య ప్రకటనలు: తూకంతో నిర్ధారణ

చౌకగా లభించే రీచార్జబుల్ నికెల్ మెటల్ హైడ్రైడ్ ఏఏ సెల్‌పై 3800 మిల్లీ ఆంపియర్-గంటలు అని ముద్రించి ఉందనుకుందాం. దుకాణంలో కొనుగోలుదారు పోల్చి చూడగలిగేది ఆ అంకె ఒక్కటే. అతిశయానికి మూలమూ అదే. దానిని పరీక్షించడానికి మొదట త్రాసు చాలు.

ధన ఎలక్ట్రోడ్‌లోని నికెల్ హైడ్రాక్సైడ్ సైద్ధాంతికంగా గ్రాముకు 289 మిల్లీ ఆంపియర్-గంటలు ఇస్తుంది. ఆ లెక్కన 3800కు 13 గ్రాములు కావాలి. రుణ ఎలక్ట్రోడ్‌లోని మిశ్రలోహం గ్రాముకు ఇచ్చేది సుమారు 300. పైగా అధిక చార్జింగ్‌లో వెలువడే ఆక్సిజన్‌ను గ్రహించడానికి దాని సామర్థ్యం ధన ఎలక్ట్రోడ్ కంటే ఎక్కువగా ఉండాలి. కనుక రెండూ కలిసి 26 గ్రాములు దాటుతాయి. ఉక్కు డబ్బా, ఎలక్ట్రోలైట్ ఇంకా లెక్కలోకే రాలేదు. మేలైన సెల్‌లే సుమారు 30 గ్రాముల బరువుతో 2500–2700 దగ్గర ఆగిపోతాయి. 18 గ్రాములు తూగే 3800 సెల్ నకిలీ అనడానికి వేరే సాక్ష్యం అక్కరలేదు.

అయితే బరువు సరిపోయినంత మాత్రాన ప్రకటన నిజం కాదు. పూర్తిగా చార్జి చేసిన సెల్‌ను 500 మిల్లీ ఆంపియర్ల స్థిర విద్యుత్తుతో, వోల్టేజి 1.0కు దిగేవరకు డిశ్చార్జి చేయాలి. 3800 నిజమైతే ఏడున్నర గంటలకు పైగా పట్టాలి. రెండు గంటల్లో ముగిస్తే అసలు సామర్థ్యం 1000 మాత్రమే. కొత్త సెల్ తొలి ఆవర్తాలలో కొంత తక్కువ చూపవచ్చు కనుక మూడు నాలుగు సార్లు చార్జి, డిశ్చార్జి చేసిన తరువాతి కొలతనే ప్రమాణంగా తీసుకోవాలి.