పేరు కనబడితేనే పలకరింపు

హైదరాబాద్‌లో ఏ కో-వర్కింగ్ హాల్లోనో 40 మందితో పరిచయాల సాయంత్రం పెడుతున్నారనుకోండి. ముందు పేరు స్టిక్కర్ల సంగతి చూడండి. ఆరడుగుల దూరం నుంచి చదవగలిగేలా పేరును లావు మార్కర్‌తో రాయించాలి. స్టిక్కర్‌ను కుడి భుజానికి కాస్త కింద అంటించాలి. చేయి కలిపేటప్పుడు ఎదుటివారి చూపు అటే వెళ్తుంది. మెడలో వేలాడే కార్డు ఊరికే తిరగబడుతుంది. హోదా రాయించకపోవడమే మేలు, రాస్తే అందరూ పెద్ద మేనేజర్ల చుట్టూనే మూగుతారు. దాని బదులు ‘నన్ను అడగాల్సిన విషయం’ అని ఒక గీత వదలండి. ‘మిద్దెతోట’ అని రాసుకున్నవారిని ఎవరైనా పలకరిస్తారు.

సాయంత్రం 6.30కి తలుపు తీస్తే, ట్రాఫిక్ పుణ్యమా అని 7 దాకా వస్తూనే ఉంటారు. 7.15కి ఐదు నిమిషాల స్వాగతం, 8.30కి ముగింపు. ఉపన్యాసాలు వద్దే వద్దు.

బిడియపడేవారిని కాస్త ముందే రమ్మనండి; పదిమందే ఉన్న గదిలో మాట కలపడం తేలిక. స్టిక్కర్లు పంచే పని అప్పగించినా సరే. మాటలు ఆగిపోయి ఇద్దరూ ఫోన్లు చూసుకుంటుంటే, మీరే మూడో మనిషిని తెచ్చి కలపండి. తప్పుకోవాలనుకునేవారికి ‘మీతో మాట్లాడటం బాగుందండీ, టీ తెచ్చుకుంటాను’ అన్న మాట చాలు. అందుకే టీ బల్ల గదికి అటు చివర ఉండాలి. మధ్యలో వెళ్లిపోవచ్చని స్వాగతంలోనే చెప్పేస్తే ఎవరూ సాకులు వెతుక్కోరు.