మాట ఏ బడ్ నుంచి వెళ్తోంది?

మా అక్క ఫోన్లు మాట్లాడేది పొద్దున వంట చేసేటప్పుడే. రెండు చెవుల్లోనూ ఇయర్‌బడ్లు పెట్టుకుంటే కుక్కర్ కూతలు లెక్క తప్పుతాయని కుడి చెవిలో ఒక్కటే పెట్టుకుంటుంది. రెండోది స్టవ్ అవతల, గట్టు మీద ఉంటుంది. "నూతిలోంచి మాట్లాడుతున్నట్టుంది అక్కా" అని నేనంటే, "నాకు నువ్వు శుభ్రంగా వినిపిస్తున్నావు కదరా, నీ ఫోనే పాడైపోయి ఉంటుంది" అనేది. ఇలా కొన్ని నెలలు గడిచాయి. ఒకరోజు ఆమె పోపు వేస్తుంటే ఆవాల చిటపట నా చెవి పక్కనే అయినట్టు వినిపించింది. అక్క గొంతు మాత్రం పక్క గదిలో ఉంది. అప్పుడు వెలిగింది నాకు. అక్క నా మాట వింటున్నది కుడి బడ్‌తో. నేను అక్క మాట వింటున్నది గట్టు మీది ఎడమ బడ్‌తో.

నాకు బాగా వినిపిస్తోంది కాబట్టి నా మాటా బాగానే వెళ్తోందనుకోవడం సహజం. చేతిలో పట్టుకునే ఫోన్ విషయంలో అది చాలావరకు నిజం కూడా. తీగల్లేని బడ్ల జతలో వినిపించే దారి వేరు, మాట వెళ్లే దారి వేరు. అవతలివాళ్ల గొంతు రెండు బడ్లకూ అందుతుంది. మన గొంతును ఫోన్‌కు పంపే పని మాత్రం ఎక్కువ జతల్లో ఒక సమయంలో ఒక్క బడ్డే చేస్తుంది. ఆ బాధ్యత ఉన్నదాన్ని ప్రైమరీ అంటారు. బ్లూటూత్‌లో కాల్స్ కోసం చాలాకాలంగా వాడుతున్న పద్ధతి ఒక ఫోన్, ఒక హెడ్‌సెట్ ఉంటాయన్న లెక్కతో తయారైంది. బడ్లు రెండైనా ఫోన్ కంటికి అవి ఒకే హెడ్‌సెట్. ఆ హెడ్‌సెట్ నుంచి వచ్చే మాట కూడా ఒకే ప్రవాహం.

రెండు మైకులనూ కలిపి పంపొచ్చు కదా అంటే, ఒక బడ్ మాటను ముందు రెండో బడ్‌కు చేర్చాలి. మధ్యలో అడ్డంగా తల ఉంటుంది. బ్లూటూత్ వాడే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలను నీరు నిండిన మన ఒళ్లు బాగా పీల్చేసుకుంటుంది. దానికి తోడు మాట కాస్త ఆలస్యమవుతుంది, చిన్న బ్యాటరీ త్వరగా అయిపోతుంది. అందుకే ఒకదాన్ని ఎంచుకుని దానితోనే సరిపెట్టడం సులువైన దారి.

ఎంచుకునేది ఎలా? ఇక్కడే ఖరీదు తేడా తెలుస్తుంది. కొన్ని జతల్లో చెవిలో ఉన్నానో లేదో పసిగట్టే సెన్సర్ ఉంటుంది. బడ్ చెవి నుంచి బయటికి రాగానే ప్రైమరీ బాధ్యత రెండోదానికి మారిపోతుంది. చవకరకం జతల్లో చాలావాటికి ఆ సెన్సర్ ఉండదు. వాటికి తెలిసేది ఒక్కటే, కేసులో ఉన్నామా, బయట ఉన్నామా అని. చార్జింగ్ పిన్నులు తగిలితే కేసులో ఉన్నట్టు, తగలకపోతే మనిషి చెవిలో ఉన్నట్టు. గట్టు మీదున్నా, దిండు కింద ఉన్నా, చొక్కా జేబులో ఉన్నా దాని దృష్టిలో అది చెవే.

ఇక నుయ్యి సంగతి. చెవిలోని బడ్‌కూ నోటికీ దూరం సుమారు 12 సెంటీమీటర్లు. గట్టు మీది బడ్ అక్క నోటికి నాలుగడుగుల దూరంలో, అంటే దాదాపు పది రెట్లు దూరంలో ఉంది. నోటి నుంచి నేరుగా వచ్చే ధ్వని పీడనం దూరం పెరిగినకొద్దీ అదే లెక్కన తగ్గుతుంది కాబట్టి అక్కడికి చేరేది పదో వంతే, అంటే 20 డెసిబెల్స్ తక్కువ. గోడలకూ టైల్స్‌కూ తగిలి తిరిగొచ్చే ప్రతిధ్వని మాత్రం గదిలో ఎక్కడైనా ఇంచుమించు ఒకేలా ఉంటుంది. చెవి దగ్గర అసలు గొంతు ముందు ఆ ప్రతిధ్వని లెక్కలోకి రాదు. గట్టు దగ్గరకు వచ్చేసరికి అదే గొంతును మించిపోతుంది. నూతిలో వినిపించేదీ అదే కదా. పైగా మాట సన్నగా వస్తోందని బడ్ దాన్ని పెద్దది చేస్తుంది. దాంతోపాటు ఎగ్జాస్ట్ ఫ్యాన్ హోరూ, స్టవ్ మీది పోపూ పెద్దవవుతాయి.

మాట వెళ్తున్నది చెవిలోని బడ్ నుంచే అయినా ఒక్కోసారి చిక్కు తప్పదు. ఒక్కో బడ్‌లో సాధారణంగా రెండు మైకులుంటాయి, ఒకటి నోటి వైపు, ఒకటి దూరంగా. మధ్య దూరం 2 సెంటీమీటర్లనుకుంటే నోటి నుంచి వచ్చే ధ్వని మొదటిదాన్ని తాకాక రెండోదాన్ని తాకడానికి 58 మైక్రోసెకన్ల దాకా పడుతుంది. పక్క నుంచి వచ్చే ధ్వని దాదాపు ఒకేసారి తాకుతుంది. ఈ తేడా చూసి బడ్ నోటి దిక్కును పట్టుకుంటుంది, మిగతా దిక్కుల చప్పుడును అణుస్తుంది. బడ్ చెవిలో తిరిగిపోయి కాడ మెడ వెనక్కి చూస్తుంటే ఆ లెక్క తప్పుతుంది. మన గొంతునే చప్పుడనుకుని నొక్కేస్తుంది. గాలి కొట్టే వైపు ఒక్కటే పెట్టుకున్నా ఇబ్బందే, మైకును మార్చుకోవడానికి రెండో బడ్ ఉండదు.

సెన్సర్ ఉన్న జతల్లోనూ మనం చేతులారా తెచ్చుకునే చిక్కు ఒకటుంది. ఐఫోన్‌కు కలిపిన ఎయిర్‌పాడ్స్‌ను చూడండి. వాటి సెట్టింగుల్లో Microphone అనే వరసలో మూడు ఎంపికలుంటాయి. Automatically Switch AirPods ఉంటే రెంటిలో ఏదైనా మైకు కావచ్చు, ఒక్కటే వాడుతుంటే అదే మైకు. Always Right AirPod ఎంచుకుంటే మాత్రం కుడిదే మైకు. దాన్ని చెవి నుంచి తీసేసినా, కేసులో పెట్టేసినా సరే. ఎప్పుడో ఎడమది సతాయించిందని కుడిదానికి మార్చి మరిచిపోయినవాళ్లు, ఆ తర్వాత ఎడమది ఒక్కటే పెట్టుకుంటే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

ఏ బడ్ మైకుగా ఉందో కాల్‌లోనే తేల్చుకోవచ్చు. చెవిలో ఉన్నదాని మైకు రంధ్రం పక్కన గోటితో మెల్లగా గీకి, అవతలివాళ్లను ఏమైనా వినిపించిందా అని అడగాలి. తర్వాత రెండోదాన్ని గీకాలి. ఏది గీకితే అవతలివాళ్లు చెవి దూరం జరుపుకుంటారో అదే మైకు. టచ్‌తో పనిచేసే చోట వేలు తగిలితే కాల్ కట్టయ్యే ప్రమాదముంది, కాస్త చూసుకోవాలి. వాయిస్ రికార్డర్‌తో పరీక్షించడం నమ్మకం కాదు, చాలా ఫోన్లలో అది బడ్‌ను వదిలేసి ఫోన్ మైకుతోనే రికార్డు చేస్తుంది. గొంతు నుయ్యిలా కాకుండా ముక్కలు ముక్కలుగా తెగుతుంటే తప్పు మైకు ఎంపికది కాకపోవచ్చు. కుడి చెవిలో బడ్ పెట్టుకుని ఎడమ వెనక జేబులో ఫోన్ పెట్టుకున్నారేమో, మధ్యలో ఒళ్లంతా అడ్డం. ఫోన్‌ను ఈ వైపుకు మారిస్తే తెలిసిపోతుంది.

అక్కతో ఆరోజే, కాల్ నడుస్తుండగానే, గట్టు మీదిదాన్ని కేసులో పెట్టించాను. ఒక్క క్షణం ఏమీ వినిపించలేదు, తర్వాత ఆమె నా పక్కన కూర్చుని మాట్లాడుతున్నట్టుంది. వారం తిరక్కుండా మళ్లీ గొంతు మారింది. ఈసారి నుయ్యి కాదు, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నట్టు. "కేసులోనే ఉందిరా, ఒట్టు" అంది. మూత తెరిచి చూడమన్నాను. ఎడమ బడ్ అడుగున పిన్నుల మీద నూనె జిడ్డు, దాని మీద పిండి. చార్జింగ్ తగలక అది ఇంకా బయటే ఉన్నాననుకుంటూ, మూసిన డబ్బాలోంచి మా మాటలు ఫోన్‌కు పంపుతోంది. పొడిగుడ్డతో తుడిచి పెట్టాక నాకు కుక్కర్ కూత వినిపించింది, అదీ దూరంగా.