కఠినంగా పెంచితే మార్కులొస్తాయా?

అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల హైస్కూళ్లలో చదివే ఏడున్నర వేల మందికి పైగా పిల్లలను 1980లలో స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ శాన్‌ఫోర్డ్ డార్న్‌బుష్ బృందం కొన్ని ప్రశ్నలడిగింది. పెద్దవాళ్లతో వాదించొద్దని మీ ఇంట్లో చెబుతారా? పెద్దయ్యాక నీకే తెలుస్తుందిలే అంటారా? మార్కులు తగ్గితే కోప్పడి పాకెట్ మనీ తగ్గిస్తారా, బయటికి వెళ్లనివ్వకుండా కట్టడి చేస్తారా? మంచి మార్కులొస్తే ఇంకా బాగా తెచ్చుకోమంటారా, మిగతా సబ్జెక్టుల్లోనూ ఇలాగే రావాలంటారా?

ఈ ప్రశ్నలు మన ఇళ్లలో అడిగితే అన్నిటికీ ‘అవును’ అనే పిల్లలే ఎక్కువ. ఆ సర్వేలో మాత్రం ప్రతి ‘అవును’ కఠిన పెంపకం ఖాతాలో పడింది. 1987లో ఫలితాలు అచ్చయ్యాయి. మొత్తమ్మీద చూస్తే ఇంట్లో కఠినత్వం ఎక్కువున్న పిల్లలకు మార్కులు తక్కువ. కానీ ఆసియా సంతతి పిల్లల దగ్గర లెక్క తప్పింది. ఇంట్లో కఠినత్వం ఎక్కువని వాళ్లే చెప్పారు, మార్కులూ వాళ్లకే బాగా వచ్చాయి. ఇది ఎలా సాధ్యమన్న ప్రశ్న చుట్టూ ఆ తర్వాత మూడు దశాబ్దాల పరిశోధన నడిచింది. ఇప్పుడు అదే ప్రాంతంలో ఎన్నో తెలుగు కుటుంబాలు పిల్లల్ని పెంచుతున్నాయి కాబట్టి ఆ కథ మనదీ అయింది.

ముందు ఈ వర్గీకరణ ఎక్కడిదో చెప్పాలి. 1960లలో బర్కిలీలో డయానా బౌమ్‌రిండ్ అనే మనస్తత్వవేత్త నర్సరీ పిల్లల్ని వారాల తరబడి గమనించారు. తర్వాత వాళ్ల ఇళ్లకు వెళ్లారు. వెళ్లే వేళను కావాలనే ఎంచుకున్నారు. రాత్రి భోజనానికి కాస్త ముందు వెళ్లి, పిల్ల పక్కమీదికి చేరేదాకా ఉండేవారు. తినననే మారాం, ఆట ఆపననే గొడవ, నిద్రపోననే ఏడుపు అన్నీ ఆ రెండు మూడు గంటల్లోనే బయటపడతాయి. పిల్లలున్న ఏ ఇంట్లోనైనా అసలు పెంపకం కనిపించేది అప్పుడే.

అలా చూసి ఆమె మూడు రకాలుగా విడదీశారు. నియమం పెట్టి, కారణం చెప్పి, పిల్లలు చెప్పేది విని, అయినా నియమాన్ని నిలబెట్టేది అథారిటేటివ్ పెంపకం. దాన్ని నచ్చజెప్పే పెంపకం అనుకుందాం. చెప్పింది చెయ్యి, ఎదురు మాట్లాడకు అనేది కఠిన పెంపకం. ప్రేమ చాలా ఉండి నియమాలు లేనిది గారాబపు పెంపకం. 1983లో ఎలినార్ మకోబీ, జాన్ మార్టిన్ దీన్ని రెండు కొలతలకు కుదించారు. తల్లిదండ్రుల్లో ఆప్యాయత ఎంత, నియమాల పట్టు ఎంత? రెండూ లేనివాళ్లు నాలుగో రకం, అంటే పట్టించుకోనివాళ్లు.

ఇంటర్ చదివే కుర్రాడు రాత్రి పదకొండింటికి ఫోన్లో గేమ్ ఆడుతున్నాడనుకోండి. ఒక ఇంట్లో నాన్న ఫోన్ లాక్కుని ‘నోర్మూసుకుని పడుకో’ అంటాడు. ఇంకో ఇంట్లో అమ్మ ‘ఎంతసేపురా ఇంకా’ అని తన గదిలోకి వెళ్లిపోతుంది. మూడో ఇంట్లో ‘పదిన్నరకు ఫోన్ హాల్లో పెట్టాలని అనుకున్నాం కదరా, పొద్దున్న లేవలేకపోతున్నావు’ అంటారు. వాడు ‘మ్యాచ్ మధ్యలో ఉన్నా నాన్నా, పది నిమిషాలు’ అంటే సరేనంటారు. పది నిమిషాలయ్యాక ఫోన్ మాత్రం హాల్లోకి రావాల్సిందే. మొదటి ఇంటికీ మూడో ఇంటికీ నియమం ఒకటే, ఫోన్ ఆగింది కూడా రెండిళ్లలోనూ. తేడా అంతా ఆ పది నిమిషాల మాటలో ఉంది.

1991లో లాంబోర్న్, స్టైన్‌బర్గ్ తదితరులు కాలిఫోర్నియా, విస్కాన్సిన్‌లలో నాలుగు వేల మందికి పైగా టీనేజర్ల మీద చేసిన అధ్యయనం ఈ తేడాను బాగా పట్టుకుంది. నచ్చజెప్పే ఇళ్ల పిల్లలు దాదాపు అన్నిటిలో మెరుగ్గా ఉన్నారు. కఠినమైన ఇళ్ల పిల్లలు మాట వింటారు, చదువూ ఫరవాలేదు, కానీ తమ మీద తమకు నమ్మకం తక్కువ. గారాబంగా పెరిగినవాళ్లకు ఆత్మవిశ్వాసం బాగానే ఉంది, అయితే బడి మీద శ్రద్ధ తక్కువ, మత్తు అలవాట్లు ఎక్కువ. అందరికంటే అధ్వాన్నంగా ఉన్నది పట్టించుకునేవాళ్లు లేని పిల్లలు.

ఇవన్నీ చాలావరకు అమెరికన్ లెక్కలు. ఆ లెక్కకు మొదటి బీట బౌమ్‌రిండ్ చేతిలోనే పడింది. 1972లో ఆమె కొద్దిమంది నల్లజాతి పిల్లల్ని చూసినప్పుడు, కఠినమైన తల్లిదండ్రుల ఆడపిల్లలు బెదిరిపోయి ముడుచుకుపోతారనుకున్నచోట ధీమాగా, ఎవరి మీదా ఆధారపడకుండా కనిపించారు. చిన్న అధ్యయనమే, దానితో ఏదీ తేలదు. కానీ ఒకే ప్రవర్తన అన్ని ఇళ్లలోనూ ఒకేలా పనిచేయకపోవచ్చన్న అనుమానం అక్కడ మొదలైంది.

ఆ అనుమానాన్ని గట్టి ప్రశ్నగా మార్చింది రూత్ చావ్. 1994లో ఆమె లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో చైనా సంతతికి చెందిన 50 మంది వలస తల్లుల్ని, 50 మంది తెల్లజాతి తల్లుల్ని పోల్చారు. పాత ప్రశ్నలు వేస్తే చైనీస్ తల్లులు కఠినులనే తేలింది. ఆమె అక్కడ ఆగకుండా కొత్త ప్రశ్నలు చేర్చారు. పిల్లలకు చిన్నప్పటి నుంచే శిక్షణ ఇవ్వాలా? తల్లి తన సమయమంతా పిల్లల చదువుకే పెట్టాలా? వీటిలోనూ చైనీస్ తల్లులే ముందున్నారు. చావ్ చెప్పిందేమిటంటే, ఆ ఇళ్లలో కట్టడి విడిగా రాదు. పక్కన కూర్చుని చదివించడం, రాత్రి మేలుకుని ఉండటం, తమ అవసరాలు మానుకోవడం దాంతోపాటే వస్తాయి. పిల్లలు ఆ కట్టడిని శ్రద్ధగా చదువుకుంటారు. పాత ప్రశ్నపత్రం కట్టడిని మాత్రమే కొలిచింది.

మన తల్లిదండ్రుల్లో చాలామంది ‘ఇదే కదా మేమూ చెప్పేది’ అంటారు. కొంతవరకు నిజమే. పిల్ల చదువు కోసం ఉద్యోగం మానేసి, బడి ఉన్న ఊళ్లో అద్దె ఇల్లు తీసుకున్న తల్లిని నియంత అనడం నాకు అన్యాయంగా తోస్తుంది. అయితే కథ ఇక్కడితో అయిపోలేదు.

2011లో ఏమీ చువా రాసిన ‘టైగర్ మదర్’ పుస్తకం పెద్ద దుమారం లేపింది. ఆసియా పిల్లల విజయానికి కఠినత్వమే కారణమన్న ప్రచారం దాంతో ఊపందుకుంది. ఆ మాట నిజమో కాదో చూడటానికి సరిపడా సమాచారం అప్పటికే ఒకరి దగ్గర ఉంది. సూ యంగ్ కిమ్ బృందం ఉత్తర కాలిఫోర్నియాలో 444 చైనీస్ అమెరికన్ కుటుంబాలను ఎనిమిదేళ్లపాటు, పిల్లల మిడిల్ స్కూల్ నుంచి వాళ్లు పెద్దవాళ్లయ్యేదాకా, గమనిస్తూ వచ్చింది. 2013లో ఫలితాలు వచ్చాయి. ఆ కుటుంబాల్లో ఎక్కువమంది టైగర్ తల్లిదండ్రులు కారు, ఆప్యాయత ఎక్కువా కసురుకోవడం తక్కువా ఉన్నవాళ్లు. మార్కులు ఎక్కువ వచ్చింది, దిగులు తక్కువున్నది వాళ్ల పిల్లలకే. ఆప్యాయతతో పాటు అరుపులూ అవమానాలూ ఉన్న టైగర్ ఇళ్ల పిల్లలకు వాళ్లకంటే మార్కులు తక్కువ, దిగులు ఎక్కువ, తల్లిదండ్రులతో దూరమూ ఎక్కువే. అంటే ఆసియా పిల్లల మార్కులకు కారణం కఠినత్వం అనుకోవడం పొరపాటు. అవి వచ్చింది, చావ్ గుర్తించిన ఆ శ్రద్ధ ఉన్నచోట.

ఇక్కడే కట్టడిని రెండుగా విడదీయాలి. ఎక్కడికి వెళ్తున్నావు, ఎవరితో, ఎన్నింటికి వస్తావు అని అడగడం, ఫోన్‌కు వేళ పెట్టడం పిల్లల ప్రవర్తన మీద కట్టడి. ‘నీ కోసం ఇంత కష్టపడితే నువ్వు మాకిచ్చేది ఇదా’ అనడం, మార్కులు తగ్గాయని రెండు రోజులు మాట్లాడకపోవడం, పక్కింటి పిల్లతో పోల్చి నలుగురిలో చిన్నబుచ్చడం పిల్లల మనసు మీద కట్టడి. బ్రయాన్ బార్బర్ ఈ రెంటినీ విడివిడిగా కొలిచే పద్ధతి తయారుచేశారు. 2005లో భారత్, చైనా, బోస్నియా సహా పలు దేశాల టీనేజర్లతో ఆయన బృందం ప్రచురించిన అధ్యయనంలో, ప్రవర్తన మీద కట్టడి ఉన్నచోట పెడదారి పట్టడం తక్కువగా కనిపించింది. మనసు మీద కట్టడి ఉన్నచోట దిగులు ఎక్కువగా ఉంది. దేశం మారినా ఈ తీరు పెద్దగా మారలేదు.

మరి దెబ్బల సంగతి? ‘మా నాన్న కొట్టాడు, నేను బాగుపడ్డాను’ అనేవాళ్లు మన దగ్గర చాలామంది. జెన్నిఫర్ లాన్స్‌ఫర్డ్ బృందం 2005లో చైనా, భారత్, ఇటలీ, కెన్యా, ఫిలిప్పీన్స్, థాయ్‌లాండ్‌లలో 336 మంది తల్లుల్నీ వాళ్ల పిల్లల్నీ అడిగింది. కొట్టడం కెన్యాలో ఎక్కువ, తర్వాత మన దేశం, అన్నిటికంటే తక్కువ థాయ్‌లాండ్. కొట్టడం మామూలే అనుకునే చోట దెబ్బలకూ పిల్లల కోపానికీ ఆందోళనకూ ఉన్న ముడి కొంత వదులుగా ఉంది. అందరిళ్లలోనూ ఇంతేగా అని పిల్లలు సరిపెట్టుకుంటారేమో. కానీ అలాంటి చోట్ల కూడా ఎక్కువ దెబ్బలు తిన్న పిల్లల్లో కోపం, ఆందోళన ఎక్కువగానే ఉన్నాయి. సంస్కృతి ఆ దెబ్బ తీవ్రతను కాస్త తగ్గించింది, అంతవరకే.

గారాబం విషయంలోనూ దేశాన్ని బట్టి కొంత తేడా ఉంది. స్పెయిన్‌లో ఫెర్నాండో గార్సియా, ఎన్రికే గ్రాసియా 2009లో చూస్తే గారాబంగా పెరిగిన టీనేజర్లు నచ్చజెప్పే ఇళ్ల పిల్లలకు ఏమాత్రం తీసిపోలేదు, కొన్ని విషయాల్లో మెరుగ్గానూ ఉన్నారు. 2018లో పిన్‌క్వార్ట్, కౌసర్ ప్రపంచవ్యాప్తంగా 428 అధ్యయనాలను కలిపి చూసినప్పుడు మాత్రం ప్రాంతాల మధ్య తేడాలకంటే పోలికలే ఎక్కువ కనిపించాయి. నచ్చజెప్పే పెంపకంతో ఏదో ఒక మేలు, కఠిన పెంపకంతో ఏదో ఒక కీడు ప్రతి ప్రాంతంలోనూ ఉన్నాయి.

ఆ మేలూ కీడూ సగటున చిన్నవేనని కూడా చెప్పాలి. పెంపకం తీరు తెలిసినంత మాత్రాన ఏ ఒక్క పిల్ల భవిష్యత్తూ చెప్పలేం. పైగా ఈ అధ్యయనాల్లో ఎక్కువ భాగం ఏది ఎవరి వల్ల జరిగిందో తేల్చవు. మొండి పిల్లవాడు ఎంతటి నెమ్మదస్తులనైనా కసురుకునేవాళ్లుగా మార్చగలడు. అరుపుల వల్ల మొండితనం వచ్చిందా, మొండితనం వల్ల అరుపులు వచ్చాయా అన్నది ఒక్కసారి నింపించిన ప్రశ్నపత్రంతో తెలియదు.

ఈ చిక్కును స్వీడన్‌లో మార్గరెట్ కెర్, హాకన్ స్టాటిన్ ఒక చక్కటి కోణం నుంచి పట్టుకున్నారు. పిల్లలు ఎక్కడ తిరుగుతున్నారో తెలిసిన తల్లిదండ్రుల పిల్లలు పెడదారి పట్టరని అప్పటికే అందరికీ తెలుసు. నిఘా బాగా ఉంది కాబట్టే అని అనుకునేవారు. 2000లో పద్నాలుగేళ్ల పిల్లల్ని, వాళ్ల తల్లిదండ్రుల్ని వీళ్లిద్దరూ వేరే ప్రశ్న అడిగారు. ఆ సంగతులు తల్లిదండ్రులకు ఎలా తెలుస్తున్నాయి? గుచ్చి గుచ్చి అడగడం వల్లా, అనుమతి తీసుకోవాలనే నియమం వల్లా తెలిసేది కొంతే. ఎక్కువ భాగం, బడి నుంచి వచ్చాక పిల్లలు తమంతట తాము చెప్పడం వల్ల తెలుస్తోంది. పెడదారి పట్టకపోవడంతో బలంగా ముడిపడి ఉన్నదీ అలా చెప్పుకోవడమే. మార్కుల కాగితాన్ని పుస్తకాల అడుగున దాచే పిల్ల ఉన్న ఇంట్లో ఎన్ని నియమాలున్నా, తల్లిదండ్రులకు తెలియాల్సింది తెలియడం లేదు.