మొలిచాయా, మొలుస్తాయా?

బెండ గింజల మీద ఒక ప్రయోగం జరిగిందనుకుందాం. వంద గింజలను 12 గంటలు నీళ్లలో నానబెట్టి విత్తారు. మరో వందను పొడిగానే విత్తారు. నానినవాటిలో 84, పొడివాటిలో 61 మొలిచాయి. దీన్ని ఇంగ్లీషులో పరిశోధన పత్రంగా రాసే విద్యార్థికి ప్రతి వాక్యంలోనూ క్రియ దగ్గరే చిక్కు వస్తుంది. జరిగిందని రాయాలా, జరుగుతుందని రాయాలా?

పరిచయంలో ‘బెండ గింజ పైపొర గట్టిగా ఉంటుంది’ అనే వాక్యం వర్తమానంలో ఉండాలి. అది ఈ ప్రయోగంలో తేలింది కాదు, అందరూ ఒప్పుకున్న సంగతి. మెథడ్స్‌లో మాత్రం అంతా భూతకాలమే: నానబెట్టాం, విత్తాం, ఏడో రోజున లెక్కపెట్టాం. ప్రయోగానికి ముందు ప్రతిపాదనలో ‘నానబెడతాం’ అని రాసుకున్న పేరాను మార్చకుండా ఇక్కడ అతికించేవారున్నారు. అది చదివితే అసలు ప్రయోగం జరిగిందా అన్న అనుమానం వస్తుంది.

ఫలితాల్లోనూ ‘84 మొలిచాయి’ అనే రాస్తాం. కానీ ‘రెండో పట్టిక చూపుతోంది’ అనడం సరైనదే. గింజలు మొలవడం ఎప్పుడో జరిగిపోయింది, పట్టిక ఇంకా పాఠకుడి కళ్లెదుటే ఉంది.

అసలు పరీక్ష చర్చ భాగంలో. ‘నానబెట్టిన గింజలు ఎక్కువగా మొలిచాయి’ అంటే ఆ రోజు, ఆ ట్రేలలో, ఆ రకం గింజల గురించి చెప్పినట్టు. ‘నానబెడితే ఎక్కువగా మొలుస్తాయి’ అంటే ప్రతి రకం గురించి, ప్రతి రుతువు గురించి చెప్పినట్టు. క్రియ చివర చిన్న మార్పుతో రెండు వందల గింజల సాక్ష్యం లోకంలోని బెండ గింజలన్నిటికీ సాగిపోయింది. చేసింది ఒక్క రకంతో, ఒకే ప్యాకెట్ గింజలతో. రెండేళ్లు నిల్వ ఉన్న గింజ ఇలాగే మొలవాలనేమీ లేదు. అందుకే జాగ్రత్తగా రాసేవారు ‘నానబెట్టడం మొలకను పెంచవచ్చని ఈ ఫలితాలు సూచిస్తున్నాయి’ అంటారు. కాలం వర్తమానమే, కానీ ఆ ‘వచ్చు’ దానికి హద్దు గీస్తుంది.

ఈ జారుడు అరుదు కాదు. అమెరికా జాతీయ సైన్సు అకాడమీ పత్రికలో 2019లో వచ్చిన ఒక అధ్యయనం 1,149 మనస్తత్వశాస్త్ర వ్యాసాలను పరిశీలించింది. 89 శాతం వ్యాసాల్లో, పరిమితమైన మనుషుల మీద చూసిన ఫలితాన్ని కాలానికీ చోటుకీ సంబంధం లేని సాధారణ సత్యంలా చెప్పే వాక్యం ఒక్కటైనా కనిపించింది.

గణితానికి ఈ బెంగ తక్కువ. నిరూపణ నిన్న నిలిచి రేపు తప్పేది కాదు కాబట్టి ఆ పత్రాలు దాదాపు మొత్తం వర్తమానంలోనే నడుస్తాయి. ప్రయోగం చేసినవారు మాత్రం చిత్తుప్రతి ముగిశాక చర్చ భాగంలోని వర్తమాన క్రియలన్నిటి కిందా గీత గీసి, ఇది వేరే ఊళ్లో వేరే గింజలకూ నిజమని దేని ఆధారంగా అంటున్నామో ఒక్కొక్కటే చూసుకోవాలి. ఆధారం దొరకని చోట క్రియను భూతకాలంలోకి మార్చాలి, లేదా ‘వచ్చు’ చేర్చాలి.